‘సారీ ఫర్ వెయిటింగ్’: క్షమాపణ వాక్యంలో కర్త తారుమారైన ఒక కేసు

నేపథ్యం

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల సపోర్ట్ విభాగాల్లో తెలుగువాళ్లు చాలామంది పనిచేస్తుంటారు. వాళ్లు విదేశీ కస్టమర్లకు రాసే మెయిళ్లను చదివి, ఎక్కడ అర్థం దెబ్బతింటోందో గుర్తించి, ఆ రాత బాగుపడేలా శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఇక్కడ నమోదు చేస్తున్నది అలాంటి ఒక కంపెనీలో పనిచేసే యువతి కేసు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్ ఏమిటో, కస్టమర్ ఏ దేశం వాడో కూడా చెప్పడం లేదు. మెయిళ్లలోని వాక్యాలను మాత్రం విషయం తెలిసేంత మేరకు ఉంచాను.

ఆమె పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, తర్వాత ఇంజినీరింగ్ పూర్తి చేసింది. సాంకేతికంగా ఆ బృందంలో గట్టి మనిషి అని పేరుంది. సమస్య ఏమిటో, దాన్ని ఎలా పరిష్కరించాలో వివరించే మెయిళ్లు శుభ్రంగానే రాసేది. ఇబ్బందంతా మెయిలు మొదటి వాక్యంలో, అంటే క్షమాపణ చెప్పే వాక్యంలో ఉండేది.

వచ్చిన ఫిర్యాదు

ఆమె మేనేజరు నాతో అన్న మాట ఇది: “మెయిల్లో గ్రామర్ తప్పేమీ కనిపించదండీ. కానీ కస్టమర్లకు చిరాకు వస్తోంది, కొందరు అయోమయంలో పడుతున్నారు. ఏది తప్పో మేం పట్టుకోలేకపోతున్నాం.” ఈ మాటను నేను ముఖ్యమైన ఆధారంగా తీసుకున్నాను. వ్యాకరణం తప్పిన వాక్యం చదివేవాడు అది తప్పని వెంటనే గ్రహించి, రాసినవాళ్ల ఉద్దేశం ఏమై ఉంటుందో ఊహించుకుని సర్దుకుంటాడు. వ్యాకరణం సరిగ్గా ఉండి అర్థం మరొకటైన వాక్యాన్ని అలా సర్దుకోడు, దాన్ని నమ్మేస్తాడు. మేనేజరు వర్ణన ఈ రెండో రకానికి సరిపోయింది.

అందుకు ఆయన చూపించిన ఉదాహరణను కొంచెం వివరంగా చెబుతాను. ఒక కస్టమరు తన దగ్గర వస్తున్న ఎర్రర్ తాలూకు రిపోర్టును కంపెనీకి పంపాడు. దాన్ని పరిశీలించి కంపెనీ కూడా తన విశ్లేషణతో ఒక రిపోర్టు తయారుచేసి పంపింది. అయితే అటాచ్‌మెంటు సైజు ఎక్కువై ఆ మెయిలు కస్టమరుకు చేరలేదు. ఆయన “రిపోర్టు ఇంకా రాలేదు” అని రాశాడు. దానికి ఆమె ఇచ్చిన జవాబు: ‘సారీ ఫర్ నాట్ రిసీవింగ్ ది రిపోర్ట్. వి విల్ చెక్ అండ్ అప్‌డేట్ యూ.’

ఆమె చెప్పదలచుకున్నది, “మీకు రిపోర్టు అందనందుకు క్షమించండి” అని. ఆయన చదువుకున్నది, “మీరు పంపిన రిపోర్టు మాకు అందలేదు, క్షమించండి” అని. తాను పంపిన ఫైలే పోయిందనుకుని ఆయన దాన్ని మళ్లీ పంపాడు. పాత ఫైలు మళ్లీ ఎందుకు వచ్చిందో అర్థం కాక ఆమె దాన్ని ఆ ఫిర్యాదు రికార్డుకు, అంటే టికెట్‌కు జోడించి ఊరుకుంది. ఆమె రిపోర్టు పంపుతుందని ఆయన, ఆయన ఏదో వివరణ ఇస్తాడని ఆమె ఎదురుచూస్తూ ఉండగా రెండు రోజులు గడిచిపోయాయి. మూడో రోజు ఆయన నేరుగా మేనేజరుకు ఫోన్ చేశాడు.

నా దగ్గరికి రాకముందు చేసిన ప్రయత్నాలు

కంపెనీ క్వాలిటీ బృందం అప్పటికే రెండు పనులు చేసింది. మొదటిది, సిద్ధంగా ఉన్న క్షమాపణ వాక్యాలతో ఒక పేజీ తయారుచేసి అందరికీ ఇవ్వడం. ‘వి అపాలజైజ్ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్’ లాంటివి అందులో ఉన్నాయి. ఆ పేజీలోంచి తీసుకున్న వాక్యంలో తప్పు ఉండదు, నిజమే. కానీ నాలుగుసార్లు ఫోన్ చేసి విసిగిపోయిన కస్టమరుకూ, తప్పు ఫైలు అందిన కస్టమరుకూ ఒకే వాక్యం వెళ్తుంటే, అది తమ కోసం రాసింది కాదని వాళ్లు ఇట్టే పసిగడతారు. జరిగింది ఏమిటో పేరు పెట్టి చెప్పాలంటే సొంతంగా వాక్యం రాయక తప్పదు. అలా రాసిన ప్రతిసారీ పాత ఇబ్బంది తిరిగి వచ్చింది.

రెండోది ఒక వ్యాకరణ తరగతి. ‘ఫర్’ అనేది ప్రిపొజిషన్ కాబట్టి దాని తర్వాత నామవాచకమైనా రావాలి, లేదా క్రియకు ‘ఇంగ్’ చేర్చి నామవాచకంలా వాడే జెరండ్ అయినా రావాలి అని అందులో నేర్పారు. ఈ సూత్రంలో దోషమేమీ లేదు. ఆమె దాన్ని శ్రద్ధగా నేర్చుకుంది. దాంతో పరిస్థితి మరింత దిగజారింది! తరగతికి ముందు ఆమె ‘సారీ ఫర్ యూ వెయిటెడ్’ అని రాసేది. అది ఇంగ్లీషు కాదు, కానీ ఎదురుచూసింది ఎవరో అందులో ఉంది. చదివినవాళ్లకు అర్థమయ్యేది. తరగతి తర్వాత దాన్నే ‘సారీ ఫర్ వెయిటింగ్’ అని రాయడం మొదలుపెట్టింది. సూత్రం ప్రకారం సరైన వాక్యమే. అక్షరదోషాలు, వ్యాకరణ దోషాలు పట్టే సాఫ్ట్‌వేర్ కూడా దాని కింద గీత గీయదు. అయితే దాని అర్థం “నేను ఎదురుచూసినందుకు నన్ను క్షమించండి” అని.

నేను మొదట చూసింది

కొత్తగా ఏదైనా నేర్పే ముందు, ఆమె కొన్ని నెలలుగా పంపిన మెయిళ్లలో sorry, apologise అనే పదాలు ఉన్నవాటిని వెతికి తీసి ఇమ్మన్నాను. ఇలాంటి కేసుల్లో నేను పరీక్ష పెట్టను. పరీక్షలో మనిషి నియమాన్ని గుర్తు చేసుకుంటూ రాస్తాడు. పని ఒత్తిడిలో రాసిన మెయిల్లోనే అలవాటు బయటపడుతుంది.

ఆ వాక్యాలను తప్పు, ఒప్పు అని విడదీయకుండా, ‘ఫర్’ తర్వాత ఉన్న పనిని ఎవరు చేశారన్న దాన్ని బట్టి విడదీశాను. ఇలా ఎందుకు చేశానంటే, రిపోర్టు ఉదాహరణలో తారుమారైంది కర్త మాత్రమే. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. విడదీసి చూసేసరికి విషయం తేటతెల్లమైంది. పని చేసింది ఆమే అయిన చోట వాక్యాలు చక్కగా ఉన్నాయి: ‘సారీ ఫర్ సెండింగ్ ది రాంగ్ ఫైల్’, ‘సారీ ఫర్ రిప్లయింగ్ లేట్’. నామవాచకం వాడిన చోట, ‘ది’ అనే ఆర్టికల్ అప్పుడప్పుడు జారిపోవడం లాంటి చిన్న పొరపాట్లు మినహా, ఇబ్బంది లేదు. పని చేసింది కస్టమరు అయిన చోట మాత్రం ప్రతి వాక్యమూ తలకిందులైంది. ‘సారీ ఫర్ కాలింగ్ మెనీ టైమ్స్’ అని ఒక మెయిలు ఉంది. పదే పదే ఫోన్ చేయాల్సి వచ్చింది కస్టమరుకు. దానికి ఆయన “మీరు నాకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు” అని కోపంగా జవాబిచ్చాడు. ఆమె దాన్ని తనమీద వేసిన నింద అనుకుంది. నిజానికి ఆయన తాను చదివిన వాక్యానికే జవాబు రాశాడు.

కారణం ఎక్కడుంది

తెలుగులో మనం ‘-నందుకు’ చేర్చి క్షమాపణ చెప్పేటప్పుడు, ఆ పని చేసినవాళ్లు క్షమాపణ అడిగేవాళ్లే అయి ఉండాలన్న నియమం లేదు. “ఇన్నిసార్లు ఫోన్ చేయాల్సి వచ్చినందుకు సారీ అండీ” అంటే, ఫోన్ చేసింది ఎదుటివాళ్లని సందర్భమే చెబుతుంది. “మీరు” అనే మాట విడిచిపెట్టినా వినేవాళ్లు తడబడరు. “రిపోర్టు అందనందుకు క్షమించండి” అన్నా అంతే, అందనిది ఎవరికో అడగాల్సిన పని లేదు.

ఇంగ్లీషులో ‘సారీ ఫర్’ తర్వాత వచ్చే జెరండ్‌కు విడిగా కర్తను చూపకపోతే, సారీ చెప్పేవాళ్లే దానికి కర్త అవుతారు. సందర్భం దాన్ని మార్చలేదు. ‘అపాలజైజ్ ఫర్’ కూడా ఇలాగే నడుస్తుంది.

తేడా ఇంతే అయితే ఒకసారి చెప్పి సరిదిద్దవచ్చు. కానీ ఆమె తప్పు అంత గట్టిగా నాటుకుపోవడానికి ఇంకో కారణం ఉందని నాకు అనిపించింది. ఫోన్ సపోర్టులో చేరిన మొదటి వారంలోనే అందరికీ నేర్పే వాక్యం ఒకటి ఉంది: ‘థాంక్యూ ఫర్ వెయిటింగ్.’ ఇక్కడ ఎదురుచూసింది ఎవరు? కస్టమరు. అంటే ‘థాంక్యూ ఫర్’ తర్వాత వచ్చే జెరండ్‌కు కర్త, ఆ కృతజ్ఞతలు అందుకునేవాళ్లు. ‘సారీ ఫర్’ తర్వాత వచ్చే జెరండ్‌కు కర్త, ఆ క్షమాపణ చెప్పేవాళ్లు. బయటికి ఒకే అచ్చులో పోసినట్టు కనిపించే ఈ రెండు వాక్యాల్లో పని చేసే మనిషి మారిపోతాడు. రోజంతా ‘థాంక్యూ ఫర్ వెయిటింగ్’ అనే నోటికి, ‘థాంక్యూ’ తీసి ‘సారీ’ పెడితే చాలు క్షమాపణ తయారవుతుందని అనిపించడంలో వింత లేదు. తెలుగులో అలా మార్చినా ఏ చిక్కూ రాదు కాబట్టి అది తప్పేమోనన్న అనుమానం పుట్టే అవకాశం కూడా లేదు.

ఇది ఊహ మాత్రమేనా అని తేల్చుకోవడానికి ఆమెనే అడిగాను. “‘సారీ ఫర్ వెయిటింగ్’ అని ఎలా రాయాలనిపించింది?” అంటే, ఆమె తడుముకోకుండా, “కాల్‌లో ‘థాంక్యూ ఫర్ వెయిటింగ్’ అంటాం కదా మేడమ్, మెయిల్లో సారీ చెప్పాలి కాబట్టి అలా మార్చాను” అంది.

మొదట ఎంచుకున్న దారి, అది నిలవకపోవడం

తెలుగులో “మీరు” అని చేర్చి స్పష్టం చేసినట్టే ఇంగ్లీషులోనూ కర్తను పైకి చూపిస్తే సరిపోతుంది కదా అన్నది సహజంగా తోచే ఆలోచన. జెరండ్ ముందు ‘యువర్’ లాంటి మాట చేర్చి కర్తను చూపించే పద్ధతి ఇంగ్లీషు వ్యాకరణంలో ఉంది. ఆమెకు అప్పటికే అలవాటైన వాక్యాన్ని పూర్తిగా మార్చకుండా ఒక్క మాట చేర్చడం తేలిక కాబట్టి, ముందు ఆ దారిలో కొన్ని వాక్యాలు రాయించాను.

అది పనికిరాలేదు. ‘సారీ ఫర్ యువర్ వెయిటింగ్’ అన్నది ఏ ఇంగ్లీషు వ్యక్తీ మామూలుగా రాసే వాక్యం కాదు, చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘సారీ ఫర్ యువర్ నాట్ రిసీవింగ్ ది రిపోర్ట్’ అయితే మరీ కృతకం. పైగా ఆమె తొందరలో ‘యువర్’ బదులు ‘యూ’ రాసేది. ‘సారీ ఫర్ యూ’ అని మొదలయ్యే వాక్యం, అది పూర్తయ్యేలోపే “మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది” అన్నట్టు తగులుతుంది. ఎందుకంటే ‘సారీ ఫర్’ తర్వాత మనిషి వస్తే అది జాలి, పని వస్తే క్షమాపణ. అలసిపోయిన కస్టమరుకు జాలి చూపించే ప్రమాదం ఉన్న వాక్యాన్ని నేర్పడం మంచిది కాదని ఆ దారి అక్కడితో ఆపాను.

పనిచేసిన పద్ధతి

తర్వాత వాక్యాన్ని పక్కన పెట్టి, దానికి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న మీద పనిచేశాం. ‘సారీ’ అని టైప్ చేయగానే ఆగి, “ఈ పని ఎవరు చేశారు?” అని తెలుగులోనే తనను తాను ప్రశ్నించుకోవాలి. నోట్‌బుక్‌లో తన పాత వాక్యాల పక్కన ఆమె ‘నేను’ అనో, ‘మీరు’ అనో, ఎవరు చేశారన్నది కాక జరిగినదానికే క్షమాపణ అయితే ‘పని’ అనో ఒక్క మాట రాసుకుంటూ పోయింది. కొత్తగా కల్పించిన వాక్యాలు ఒక్కటి కూడా ఇవ్వలేదు. తాను నిజంగా పంపిన వాక్యమైతే అసలేం జరిగిందో ఆమెకు గుర్తుంటుంది. ఏం జరిగిందో తెలియకుండా ఎవరు చేశారో చెప్పలేం.

జవాబు ‘నేను’ అయితే ‘సారీ ఫర్’ తర్వాత జెరండ్ నేరుగా రాయవచ్చు. జవాబు ‘మీరు’ అయితే నేరుగా రాయకూడదు. అప్పుడు రెండు దారులు ఉంటాయి. ఒకటి, నన్ను కర్తగా చేసే మరో క్రియను వెతకడం. ‘సారీ ఫర్ కీపింగ్ యూ వెయిటింగ్’ అన్నప్పుడు ఎదురుచూసింది కస్టమరే అయినా, అలా ఎదురుచూసేలా ఉంచింది నేను. జెరండ్ ఇప్పుడు నా పనిని చెబుతోంది కాబట్టి వాక్యం నిలబడింది. తెలుగులో “మిమ్మల్ని వెయిట్ చేయించినందుకు” అంటామే, దానికి ఇది సరిగ్గా సరిపోతుందని చెప్పగానే ఆమెకు పట్టు దొరికింది. రెండో దారి, ‘ఫర్’ను వదిలేసి ‘దట్’ తర్వాత కర్తతో సహా పూర్తి వాక్యం రాయడం.

ఏ చోట ఏ దారి అన్నది ప్రతిసారీ ఆలోచించి తేల్చుకోవాల్సిందే. పదే పదే ఫోన్ చేసిన కస్టమరు విషయంలో ఆమె మొదట ‘సారీ ఫర్ మేకింగ్ యూ కాల్ సో మెనీ టైమ్స్’ అని రాసింది. వ్యాకరణం సరే. కానీ పనిగట్టుకుని ఫోన్ చేయించినట్టు వినిపిస్తుంది. జరిగింది అది కాదు, సమస్య తీరకపోవడంతో ఆయనకు చేయక తప్పలేదు. అందుకని ‘సారీ దట్ యూ హ్యాడ్ టు కాల్ సో మెనీ టైమ్స్’ అని మార్చాం. “చేయాల్సి వచ్చింది” అన్న భావం ‘హ్యాడ్ టు’లో ఉంది.

రిపోర్టు వాక్యం ఇంకాస్త చర్చకు తావిచ్చింది. ‘సారీ ఫర్ నాట్ సెండింగ్ ది రిపోర్ట్’ అని రాస్తే కర్త సరిపోతుంది, ఎందుకంటే పంపాల్సింది మనమే. కానీ కంపెనీ రిపోర్టు పంపింది, అది చేరలేదు. చేయని తప్పును ఒప్పుకున్నట్టు ఆ వాక్యం రికార్డులో మిగిలిపోతుంది. రేపు ఎవరైనా టికెట్ తెరిచి చూస్తే రిపోర్టు అసలు పంపనే లేదనుకుంటారు. కాబట్టి ‘సారీ దట్ ది రిపోర్ట్ డిడ్ నాట్ రీచ్ యూ’ అన్నదే అక్కడ నిజానికి దగ్గరగా ఉంది. కర్త ఎవరో తేల్చుకునే ప్రశ్న వ్యాకరణంతో మొదలై, అసలు ఏం జరిగిందన్న విచారణ దాకా తీసుకెళ్తుంది. నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైనదిగా తోచిన సందర్భం ఇదే.

‘డిలే ఇన్ రిప్లయింగ్’ సంగతి

ఇక జవాబు ‘పని’ అని రాసుకున్న వాక్యాలు మిగిలాయి. ఇక్కడ నామవాచకం ముందుకొస్తుంది. ‘సారీ ఫర్ ది డిలే ఇన్ రిప్లయింగ్’ అనే వాక్యం ఆఫీసు మెయిళ్లలో ఇంతగా పాతుకుపోవడానికి దాని నిర్మాణమే కారణం. ‘ఫర్’ తర్వాత ఉన్నది ‘డిలే’ అనే నామవాచకం, క్షమాపణ దానికే. దేనిలో ఆలస్యమో చెప్పడానికి ‘ఇన్’, దాని వెనక జెరండ్ వస్తాయి. జెరండ్ ఇప్పుడు ‘సారీ ఫర్’ కింద నేరుగా లేదు కాబట్టి, సారీ చెప్పేవాళ్లే దాని కర్త కావాలన్న పట్టు సడలిపోతుంది. ‘సారీ ఫర్ ది డిలే ఇన్ ప్రాసెసింగ్ యువర్ రీఫండ్’ అంటే, ప్రాసెస్ చేయాల్సింది బ్యాంకు కావచ్చు, అకౌంట్స్ విభాగం కావచ్చు, వాక్యం చెడదు. కర్త తారుమారయ్యే అలవాటు ఉన్నవాళ్లకు ఇది భద్రమైన చోటు.

ఆమె ఇక్కడ చేసిన పొరపాట్లు చిన్నవి. ‘డిలే టు రిప్లై’ అని ఒకసారి, ‘డిలే ఆఫ్ రిప్లై’ అని ఒకసారి రాసింది. ‘డిలే’ తర్వాత ‘ఇన్’, ఆపైన జెరండ్ అని ఒక్క ముక్కగా గుర్తుంచుకోమన్నాను, అది త్వరగానే కుదిరింది. దీనికంటే జాగ్రత్త పడాల్సింది ‘సారీ ఫర్ డిలేయింగ్ మై రిప్లై’ అన్న రూపం విషయంలో. ‘డిలే’ను నామవాచకంగా వాడితే ఆలస్యం జరిగిందని మాత్రమే తెలుస్తుంది. అదే మాటను క్రియగా చేసి జెరండ్‌లో పెడితే, కావాలనే జవాబును వాయిదా వేశానన్న అర్థం రావచ్చు. పై అధికారి అనుమతి కోసం నిజంగానే ఆపి ఉంచితే ఆ మాట సరిపోతుంది. పని ఒత్తిడిలో మరిచిపోయినప్పుడు సరిపోదు.

ఆమెను చాలాకాలంగా వేధిస్తున్న ఒక సందేహం కూడా ఈ వాక్యం దగ్గరే బయటికి వచ్చింది. “‘రిప్లయింగ్’ అంటే ఇప్పుడు ఇస్తున్నానని కదా మేడమ్? ఆలస్యమైపోయిన దానికి ‘రిప్లయింగ్’ అని ఎలా రాస్తాం?” అని అడిగింది. ‘ఇంగ్’ కనబడితే జరుగుతున్న పని అని బడిలో నేర్చుకున్న పాఠం అది. అందుకే వ్యాకరణ తరగతికి ముందు అప్పుడప్పుడు ‘సారీ ఫర్ రిప్లైడ్ లేట్’ అని రాసేది. తెలుగులో “ఇచ్చినందుకు” అన్నప్పుడు జరిగిపోయిన కాలం క్రియలోనే ఉంటుంది, కాబట్టి ఇంగ్లీషులోనూ అది కనిపించాలని ఆమె వెతుక్కుంటోంది. జెరండ్‌ను “ఇచ్చినందుకు”తో కాకుండా “ఇవ్వడం”తో పోల్చుకోమన్నాను. “ఆలస్యంగా జవాబివ్వడం తప్పే” అంటే అది నిన్నటిదా, నేటిదా అన్నది “ఇవ్వడం”లో లేదు, మిగతా సందర్భంలో ఉంది. జెరండ్ కూడా అంతే.

కాలం చూపించని మాట కాబట్టే ఇంకో జాగ్రత్త అవసరమైంది. ‘సారీ ఫర్ రిప్లయింగ్’ అని ఆపేస్తే, జవాబివ్వడమే తప్పయినట్టు ఉంటుంది. తప్పు ఏమిటో చెప్పే మాట, అంటే ‘లేట్’ లాంటిది, వాక్యంలో తప్పకుండా ఉండాలి. ‘డిలే ఇన్’ రూపంలో ఆ మాట ముందే వచ్చేస్తుంది.

అయినా ‘డిలే ఇన్ రిప్లయింగ్’ అన్ని చోట్లా సరిపోదని ఆమెకు గట్టిగానే చెప్పాను. అందులో ఎవరు ఆలస్యం చేశారన్నది పైకి కనిపించదు. అదే దాని సౌలభ్యం, అదే దాని లోపం. మూడు మెయిళ్లు రాసినా ఉలుకూ పలుకూ లేక విసిగిపోయిన మనిషికి, ఎక్కడో ఏదో ఆలస్యం జరిగిందని చెప్పడం తప్పించుకున్నట్టు ఉంటుంది. అలాంటి చోట ‘ఐ యామ్ సారీ ఫర్ నాట్ రిప్లయింగ్ సూనర్’ అనడం మేలు. ‘నాట్’ జెరండ్‌కు ముందు వస్తుంది, కర్త ‘నేను’ అని తేటగా ఉంటుంది, ఇవ్వాల్సినప్పుడు ఇవ్వలేదన్న ఒప్పుకోలు అందులో ఉంటుంది. ఒక కస్టమరుకు ఏది రాయాలా అని ఆమె తటపటాయిస్తే, ఆలస్యానికి కారణం ఎవరని అడిగాను. “టికెట్ నా పేరు మీదే ఉంది, నేనే చూసుకోలేదు” అంది. అయితే నామవాచకం వెనక దాక్కోవద్దన్నాను.

పనికి ముందు చెప్పే క్షమాపణ

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి. చాట్‌లో ఎవరినైనా పలకరించేటప్పుడు ఆమె ‘సారీ ఫర్ డిస్టర్బింగ్’ అనేది. అది పెద్ద తప్పు కాదు. అయితే ఇప్పుడే చేస్తున్న లేదా చేయబోతున్న పనికి ‘సారీ టు డిస్టర్బ్ యూ’ అనడం వాడుక, జరిగిపోయినదానికి ‘సారీ ఫర్ డిస్టర్బింగ్ యూ’. నిన్న రాత్రి ఫోన్ చేసి లేపినవాళ్లకు ఈ రోజు రాసే వాక్యం రెండోది. ‘అపాలజైజ్’తో మాత్రం మొదటి రూపం కుదరదు, అక్కడ ‘ఫర్’ కావాలి. ఇది వినగానే ఆమెకు అర్థమైంది, దీని మీద వేరే సాధన చేయించలేదు.

తర్వాత జరిగినది

నోట్‌బుక్‌లో ‘నేను, మీరు, పని’ అని రాసుకోవడం కొన్నాళ్లు సాగింది. ఆ తర్వాత ఆ అవసరం లేకుండానే మెయిళ్లలో కర్త కుదురుకుంది. సాధన ముగిశాక కూడా కొంతకాలం పాటు ఆమె పంపిన మెయిళ్లను మళ్లీ తెప్పించి చూశాను. మెయిళ్లలో కస్టమరు చేసిన పనికి తాను సారీ చెప్పుకునే వాక్యం మళ్లీ కనిపించలేదు. ‘ది’ అప్పుడప్పుడు ఇంకా జారిపోతూనే ఉంది. ‘సారీ ఫర్ లేట్ రిప్లై’ అని ఆమె రాస్తే, చదివినవాళ్లు అందులో ‘ది’ లేదని గమనిస్తారేమో గానీ అపార్థం చేసుకోరు. కాబట్టి దాన్ని వెనక్కి నెట్టడం సబబే అనుకున్నాను.

ఫోన్‌లో మాత్రం మార్పు అంత తేలిగ్గా రాలేదు. మాట్లాడేటప్పుడు ఆగి ప్రశ్న వేసుకునే వ్యవధి ఉండదు. హోల్డ్‌లో ఉంచిన కస్టమరు దగ్గరికి తిరిగి రాగానే నోటికొచ్చేది పాత వాక్యమే. అక్కడ కర్తను వెతికే పద్ధతిని రుద్దకుండా, క్షమాపణే మానేసి, ఆమెకు బాగా అలవాటైన ‘థాంక్యూ ఫర్ వెయిటింగ్’నే వాడమన్నాను. అందులో ఎదురుచూసింది కస్టమరేనని ఇంగ్లీషే చూసుకుంటుంది. హోల్డ్ మరీ ఎక్కువసేపు సాగి క్షమాపణ తప్పనిసరి అయినప్పుడు ‘సారీ ఫర్ ది వెయిట్’ అనమన్నాను. అందులో ఉన్నది నామవాచకం, ఎవరు ఎదురుచూశారన్న పేచీ అక్కడ రాదు.

క్వాలిటీ బృందం తన పాత వాక్యాల పేజీని మార్చడానికి నా సాయం అడిగింది. వాక్యాల సంఖ్య తగ్గించి, ప్రతి వాక్యం పైన ‘పని చేసింది ఎవరు’ అన్న ఒక గడి పెట్టాం. తెలుగువాళ్లతో పాటు ఆ బృందంలో ఉన్న కన్నడ, తమిళ ఉద్యోగులు కూడా ఇప్పుడు ఆ పేజీనే వాడుతున్నారు. వాళ్ల మెయిళ్లలోనూ ఈ తప్పు ఇదే రూపంలో ఉందా అన్నది చూడాలంటే, వాళ్లు పంపిన వాక్యాలను కూడా ఇలాగే కర్తను బట్టి విడదీయాలి. ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు.